ఆర్డర్లు సగానికి దగ్గరగా పడిపోయినా అలర్ట్ ఎందుకు రాలేదు: ఒక శనివారం కేసు

ఇది నేను స్వయంగా చూసిన కేసు. కంపెనీ పేరు, ఊరు, మనుషుల పేర్లు అన్నీ తీసేశా, ఆర్డర్ల సంఖ్యలు కూడా కొంచెం మార్చా కానీ లెక్క ఎక్కడా మారలేదు, మీరు కాగితం మీద వేసుకున్నా ఇవే వస్తాయి. రోలింగ్ యావరేజ్, స్టాండర్డ్ డీవియేషన్ పెట్టి అలర్ట్ రాయడం రెండు లైన్ల పని అని చాలామంది అనుకుంటారు, నిజంగా రెండు లైన్లే, కానీ ఆ రెండు లైన్లలో ఎన్ని చోట్ల అలర్ట్ చచ్చిపోతుందో ఈ కేసులో కళ్ళారా చూశా, అందుకే పూర్తిగా రాస్తున్నా.

నేపథ్యం

యాప్‌లో కిరాణా సరుకులు అమ్మే ఒక చిన్న కంపెనీ, ఒకే సిటీలో డెలివరీ. రోజుకి రెండు వేలకి కొంచెం అటూ ఇటూగా ఆర్డర్లు. పొద్దున ఆరు నుంచి పుంజుకుంటాయి, పాలు కూరగాయలు టిఫిన్ సామాన్లు, మధ్యాహ్నం రెండింటికి తగ్గుతాయి, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అసలు జోరు. అర్ధరాత్రి దాటాక గంటకి మూడు నాలుగు వస్తే గొప్ప.

వీళ్ళ దగ్గర అలర్ట్ ముందే ఉంది. నాకంటే ముందు పని చేసినాయన రాసిపెట్టాడు. గంటకి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో లెక్క, గత 24 గంటల యావరేజ్, గత 24 గంటల స్టాండర్డ్ డీవియేషన్ (ఇకనుంచి ఎస్‌డీ అంటా), ఇప్పటి గంట ఆర్డర్లు యావరేజ్ కంటే మూడు ఎస్‌డీలు కిందకి పోతే టీమ్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. నేను చేరేటప్పటికి ఎనిమిది నెలల నుంచి నడుస్తోంది, ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా మెసేజ్ పడలేదు. అందరూ దాన్ని మంచి వార్తగానే తీసుకున్నారు, అంతా సవ్యంగా ఉందని.

ఆ శనివారం ఏం జరిగింది

సాయంత్రం ఆరూ నలభై ఐదుకి ఆండ్రాయిడ్ యాప్ కొత్త వెర్షన్ వదిలారు. అందులో పేమెంట్ స్క్రీన్ మీద చిన్న మార్పు ఉంది. ఆ మార్పు వల్ల చాలా ఫోన్లలో యూపీఐ నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకోవడం లేదు, చక్రం తిరుగుతూ ఉండిపోతోంది. క్యాష్ ఆన్ డెలివరీ పనిచేస్తోంది, కార్డూ పనిచేస్తోంది. అంటే ఆర్డర్లు ఆగిపోలేదు, తగ్గాయి అంతే.

నాకు ఫోన్ వచ్చింది ఎనిమిదీ యాభైకి, కస్టమర్ కేర్ అమ్మాయి నుంచి. "అన్నా, పేమెంట్ నొక్కితే తిరుగుతానే ఉందంట, ఇది పదకొండో కాల్ నాకు" అంది. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళేసరికి తొమ్మిదీ నలభై. దాదాపు మూడు గంటలు, అదీ వారంలోకెల్లా బిజీ సాయంత్రం. అలర్ట్ నోరు మెదపలేదు.

సోమవారం పొద్దున ఆపరేషన్స్ చూసే మేడమ్ అడిగింది ఒకటే ప్రశ్న: "అలర్ట్ ఉంది కదండీ, మరి ఎందుకు రాలేదు?" ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ ప్రశ్నకి జవాబే.

పాత రూల్ ఎందుకు మోగలేదు

ముందు స్క్రిప్ట్ అసలు నడిచిందా అని చూశా. నడిచింది, లాగ్ ఉంది, ఎర్రర్ లేదు. ఏడు నుంచి ఎనిమిది గంటల మధ్య వచ్చినవి 112 ఆర్డర్లు, మామూలుగా శనివారం ఆ గంటలో 190 దాకా వస్తాయి. సరే 112 పడిపోయింది, మరి రూల్ గీత ఎక్కడుంది? లాగ్‌లో లోయర్ లిమిట్ కాలమ్ తెరిచా. మైనస్ 85.

మైనస్ ఎలా వచ్చిందంటే, గత 24 గంటలు తీసుకుంటే అందులో రాత్రి మూడింటి 3 ఆర్డర్లు ఉన్నాయి, సాయంత్రం ఏడింటి 190 కూడా ఉన్నాయి. అన్నీ కలిపి యావరేజ్ 83, ఎస్‌డీ 56. మూడు ఎస్‌డీలంటే 168. 83 లోంచి 168 తీస్తే మైనస్ 85. ఆర్డర్లు సున్నా కంటే కిందకి పోలేవు కదా, సర్వర్ మొత్తం కాలిపోయినా ఈ అలర్ట్ రాదు. ఎనిమిది నెలల నిశ్శబ్దానికి కారణం ఇదే.

ఇక్కడ ఎస్‌డీ కొలుస్తున్నది అసలు గందరగోళాన్ని కాదు, పగలూ రాత్రీ మధ్య తేడాని. ఆ తేడా మనకి ముందే తెలుసు, రోజూ అదే వస్తుంది. మనకి కావాల్సింది "ఈ గంటలో మామూలుగా ఎంత ఊగుతుంది" అన్న సంఖ్య, మనం ఇస్తున్నదేమో "రోజంతా ఎంత మారుతుంది" అన్న సంఖ్య. టీమ్‌లో ఒకరు మూడు బదులు రెండు ఎస్‌డీలు పెడదాం అన్నారు. 83 లోంచి 112 తీసినా మైనస్ 29, ఏం లాభం లేదు. ఒకటి పెడితే 27 దగ్గర గీత వస్తుంది, అప్పుడు ప్రతి అర్ధరాత్రీ అలర్ట్ మోగుతుంది, మన శనివారం 112 మాత్రం అప్పటికీ దొరకదు. అంటే గుణకాన్ని అటూ ఇటూ తిప్పి బాగుచేసే జబ్బు కాదిది, పోల్చే గుంపే తప్పు.

రెండో ప్రయత్నం, సరైన గుంపు, అయినా ఫెయిల్

కాబట్టి శనివారం ఏడింటిని గత శనివారాల ఏడింటితోనే పోల్చాలి. వారానికి 168 గంటలు, ఒక్కో గంటకి దాని సొంత చరిత్ర. ఎన్ని వారాలు తీసుకోవాలి అన్నది కాసేపు ఆలోచించా. నాలుగు వారాలు తీసుకుంటే ఎస్‌డీ నమ్మకంగా ఉండదు, ఇరవై తీసుకుంటే వ్యాపారం ఈలోపు పెరిగిపోయి పాత సంఖ్యలకి అర్థం ఉండదు, ఎనిమిది దగ్గర ఆగా.

```python
g  = hourly.groupby(["dow", "hour"])["orders"]
m  = g.transform(lambda s: s.rolling(8).mean())
sd = g.transform(lambda s: s.rolling(8).std())
alert = hourly["orders"] < m - 3 * sd
```

చూడ్డానికి బానే ఉంది. పాత డేటా మీద నడిపి ఆ శనివారం పట్టుకుంటుందా అని చూశా. పట్టుకోలేదు!

నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు ఒక పూట పట్టింది. వెనక్కి వెళ్ళి ఆ గంటకి ఉన్న సంఖ్యలు చేత్తో రాసుకున్నా. ఆ ముందు ఎనిమిది శనివారాలు వరసగా 191, 188, 195, 181, 202, 190, 184, 197. ఇవి చూసి చిన్నపిల్లాడైనా చెప్తాడు 112 తేడాగా ఉందని. మరి కోడ్ ఏం చేస్తోంది? `rolling(8)` అంటే ఇప్పటి వరసతో కలిపి ఎనిమిది. అంటే చివరి ఏడు శనివారాలు, ప్లస్ ఈ 112 కూడా. ఆ ఎనిమిదికి యావరేజ్ 181, ఎస్‌డీ దాదాపు 29, గీత 95 దగ్గర. 112 గీతకి పైన ఉంది కాబట్టి ఓకే అనేసింది.

దొంగతనం జరిగిందా లేదా అని తేల్చే పంచాయితీలో దొంగని కూడా కూర్చోబెట్టినట్టు అయింది. పడిపోయిన సంఖ్య యావరేజ్‌ని తన వైపు లాక్కుంటుంది, ఎస్‌డీని ఉబ్బిస్తుంది, రెండూ కలిసి గీతని దాని కిందకి తోసేస్తాయి. పడిపోవడం ఎంత పెద్దదైతే ఎస్‌డీ అంత ఉబ్బుతుంది.

సరే 112 కాదు, పూర్తిగా సున్నా వస్తే? అదీ వేసి చూశా. యావరేజ్ 167, ఎస్‌డీ 68, గీత మైనస్ 37 దాకా పోయింది. సున్నాకీ అలర్ట్ లేదు. దీని వెనక గట్టి లెక్క ఉంది: n పాయింట్ల గుంపులో ఉన్న ఏ పాయింటూ అదే గుంపు యావరేజ్ నుంచి `(n-1)/√n` ఎస్‌డీలకి మించి దూరం పోలేదు (పాండాస్ `std` మామూలుగా n-1 తో భాగిస్తుంది, ఈ ఫార్ములా దానికే). ఎనిమిదికి అది 2.47. మనం అడుగుతున్నది 3. అంటే ప్రపంచంలో ఏ సంఖ్య ఇచ్చినా ఈ రూల్ మోగదు, మోగడం అసాధ్యం. పది పాయింట్లకి 2.85, అదీ చాలదు, పదకొండుకి గానీ 3 దాటదు, అది కూడా బొటాబొటీగా.

ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఎవరి అలర్ట్ కోడ్ అయినా తెరిచి ముందు విండో ఎంత, గుణకం ఎంత, ఇప్పటి పాయింట్ లోపల ఉందా బయట ఉందా చూడండి. పెద్ద విండోల్లో ఇది అంత తెలీదు, చిన్న విండోల్లో అలర్ట్‌ని పూర్తిగా చంపేస్తుంది, అదీ ఏ ఎర్రరూ లేకుండా.

మందు మాత్రం చిన్నదే. `s.shift(1).rolling(8)`. ఇప్పటి వారాన్ని పక్కకి జరిపి, అంతకు ముందు ఎనిమిది మాత్రమే చూడ్డం. అప్పుడు యావరేజ్ 191, ఎస్‌డీ 6.9, గీత 170. మన 112 ఎక్కడో కింద, దాదాపు పదకొండున్నర ఎస్‌డీల దూరంలో. పట్టుకుంది.

ఎస్‌డీ మరీ చిన్నగా వస్తే

ఇక్కడితో అయిపోయిందనుకుని లైవ్‌లో పెట్టాం, మొదటి వారమే తొమ్మిది అలర్టులు, అన్నీ ఉత్తివే. డెవలపర్ కుర్రాడు బుధవారానికే గ్రూపుని మ్యూట్‌లో పెట్టేశాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టలేను, ఉత్తి అలర్టులు నాలుగొస్తే ఎవరైనా చేసే పనే, కానీ అలర్ట్ మ్యూట్‌లో ఉంటే లేనట్టే కాబట్టి దీన్ని వెంటనే తేల్చాల్సి వచ్చింది.

పైన ఎస్‌డీ 6.9 అన్నా కదా, అది అనుమానించాల్సిన సంఖ్య. వేర్వేరు ఇళ్ళల్లో వేర్వేరు మనుషులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఆర్డర్ పెడుతుంటే, వచ్చే సంఖ్య సహజంగానే యావరేజ్‌కి స్క్వేర్ రూట్ అంత ఊగుతుంది. 191 కి రూట్ 13.8. వర్షం, మ్యాచ్, నెల మొదట్లో జీతాలు, ఇవన్నీ కలిస్తే ఇంకా ఎక్కువే ఊగాలి గానీ తక్కువ ఊగడానికి కారణం లేదు. మరి 6.9 ఎలా వచ్చింది? అదృష్టవశాత్తూ ఆ ఎనిమిది వారాలు దగ్గర దగ్గరగా పడ్డాయి, అంతే. ఎనిమిది పాయింట్ల నుంచి లెక్కేసిన ఎస్‌డీ చాలా గాలివాటం సంఖ్య. వారానికి 168 గంటలున్నాయి, అన్నిట్లో ఏవో కొన్నిటికి ఇలా ఎస్‌డీ చిన్నగా వచ్చేస్తుంది, ఆ గంటల్లో కాస్త తగ్గినా అలర్ట్ మోగుతుంది. తొమ్మిది ఉత్తి అలర్టులూ విప్పి చూస్తే ఏడు ఇలాంటి గంటల్లోవే.

అందుకే ఎస్‌డీకి ఒక నేల వేశా: లెక్కేసిన ఎస్‌డీ, యావరేజ్ స్క్వేర్ రూట్, ఈ రెండిట్లో ఏది పెద్దదైతే అది. శనివారం ఏడింటికి 13.8 వచ్చింది, గీత 170 నుంచి 150 కి దిగింది. 112 ఇప్పటికీ స్పష్టంగా కిందే ఉంది, 165 వస్తే మాత్రం మోగదు. గుణకం పెంచి నాలుగు చేద్దాం అన్న మాట కూడా వచ్చింది కానీ అలా చేస్తే ఎస్‌డీ సరిగ్గా ఉన్న గంటల్లో కూడా మొద్దుబారిపోతుంది, జబ్బు ఉన్న చోటే మందు వేయాలి అని వద్దన్నా.

రాత్రి గంటలకి ఈ నేల వేరే సంగతి బయటపెట్టింది. యావరేజ్ 4 ఉంటే రూట్ 2, గీత 4 మైనస్ 6, మళ్ళీ మైనస్‌లోకి. ఇది రూల్ తప్పు కాదు, నాలుగు వచ్చే చోట సున్నా రావడం నిజంగానే మామూలు, వందలో దాదాపు రెండుసార్లు ఊరికే జరుగుతుంది. గంట డేటాలో సమాచారమే లేదు. అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా మొత్తం ఒకే ముద్దగా చేస్తే యావరేజ్ 20, రూట్ 4.5, గీత 7. రాత్రంతా పేమెంట్ చచ్చిపోయి ఉంటే తెల్లారి ఐదింటికి తెలుస్తుంది. ఆలస్యమే, కానీ ఉన్న ఆర్డర్లతో అంతకంటే ముందు చెప్పడం కుదరదు.

సున్నా ఆర్డర్ల పరీక్ష

రూల్ మారాక ఒక డ్రిల్ పెట్టా. టెస్ట్ కాపీలో ఏడు నుంచి ఎనిమిది దాకా ఉన్న ఆర్డర్లన్నీ డిలీట్ చేసి, టైమ్ ఎనిమిదీ ఐదు అని చెప్పి స్క్రిప్ట్ నడిపా. సున్నా ఆర్డర్లు, అంతకంటే ఘోరం ఏముంటుంది. స్క్రిప్ట్ "అంతా ఓకే" అంది.

ఆర్డర్ల టేబుల్‌ని గంటలవారీగా గ్రూప్ చేస్తే, ఆర్డర్ లేని గంటకి వరసే పుట్టదు. సున్నా అని రాదు, ఏమీ రాదు. స్క్రిప్ట్ చివరి వరస తీసుకుని అదే ఇప్పటి గంట అనుకుంటోంది, అంటే ఆరింటి గంటని ఇంకోసారి చూసి బాగుందని చెప్పింది. `resample` వాడితే మధ్యలో ఖాళీలు సున్నాలతో నిండుతాయి నిజమే, కానీ అది కూడా చివరి ఆర్డర్ దాకానే పోతుంది, ఆ తర్వాత అంతా ఆగిపోతే దానికి తెలీదు. మనకి కావాల్సింది సరిగ్గా ఆ తర్వాతది. కాబట్టి గంటల జాబితాని ఆర్డర్ల నుంచి కాకుండా గడియారం నుంచి తయారు చేయాలి:

```python
idx = pd.date_range(start, last_closed_hour,
                    freq="h", tz="Asia/Kolkata")
orders = counts.reindex(idx, fill_value=0)
```

`last_closed_hour` అంటే పూర్తిగా అయిపోయిన గంట. నడుస్తున్న గంటని ఇందులో కలిపితే అది ఎప్పుడూ సగమే కనిపిస్తుంది, ప్రతిసారీ పడిపోయినట్టే ఉంటుంది. ఇంకోటి, డేటాబేస్‌లో టైమ్ యూటీసీలో ఉంది, మనది ఐదున్నర గంటలు ముందు. యూటీసీ మీదే గంటలు విడగొడితే మన ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర ఒక గంట అవుతుంది, శనివారం తెల్లవారుజాము ఆర్డర్లు శుక్రవారం ఖాతాలో పడతాయి. ముందు మన టైమ్‌కి మార్చి ఆ తర్వాత విడగొట్టాలి.

పట్టుకున్న ప్రమాదమే తర్వాత గుడ్డిదాన్ని చేస్తుంది

ఇప్పటి వారాన్ని బయట పెట్టాం సరే, వచ్చే శనివారం మాటేంటి? అప్పుడు గత ఎనిమిదిలో ఈ 112 కూర్చుని ఉంటుంది. యావరేజ్ 181, ఎస్‌డీ 29, గీత 95. అచ్చం పాత పొరపాటు సంఖ్యలే, వారం ఆలస్యంగా వచ్చాయంతే. ఎనిమిది వారాల పాటు ఆ గంట కళ్ళు మూసుకుని ఉంటుంది. ఆఫర్ పెట్టిన రోజు కూడా ఇంతే: ఒక శనివారం సేల్ పెట్టి 400 ఆర్డర్లు వచ్చాయనుకోండి, యావరేజ్ పెరిగింది కాబట్టి తర్వాత ఉత్తి అలర్టులు వస్తాయని నేను మొదట అనుకున్నా, లెక్కేస్తే తిరగబడింది. యావరేజ్ 217, ఎస్‌డీ 74, గీత మైనస్ 5. అమ్మకాలు బాగా అయిన వారం తర్వాత రెండు నెలలు కాపలా లేనట్టే.

అలర్ట్ వచ్చిన గంటలన్నీ ఆటోమేటిక్‌గా తీసేద్దాం అన్నది మొదటి ఆలోచన. దానిలో ఒక గొయ్యి ఉంది. నిజంగానే ఒక ఏరియాకి డెలివరీ ఆపేశారనుకోండి, ఆర్డర్లు శాశ్వతంగా తగ్గుతాయి, ప్రతి గంటా అలర్ట్, ప్రతి గంటా తీసివేత, బేస్‌లైన్ పాత స్థాయిలోనే గడ్డకట్టుకుపోయి ఎప్పటికీ అలర్టులు ఆగవు. అందుకే మనిషి చెయ్యి పెట్టాం: అలర్ట్ వచ్చాక ఎవరో ఒకరు చిన్న షీట్‌లో "నిజం ప్రమాదం" లేదా "సేల్" అని టిక్ పెడితే ఆ గంట బేస్‌లైన్‌లో ఖాళీగా మారుతుంది, టిక్ లేకపోతే మామూలుగా కలుస్తుంది. ఎనిమిదిలో కనీసం ఐదు ఉంటే చాలు లెక్క నడుస్తుంది.

```python
def check(actual, base):   # base లో టిక్ పెట్టిన గంటలు NaN
    r  = base.shift(1).rolling(8, min_periods=5)
    m  = r.mean()
    sd = np.maximum(r.std(), np.sqrt(m))
    return actual < m - 3 * sd
```

మీడియన్ వాడితే ఈ టిక్కుల గోల కొంత తప్పేది, అది కూడా ఆలోచించా. కానీ గీత ఎక్కడినుంచి వచ్చిందో ఆపరేషన్స్ వాళ్ళు తమంతట తాము సరిచూసుకోగలగాలి, వాళ్ళకి యావరేజ్ అలవాటు, పైగా వారానికి ఒకటి రెండు టిక్కులే కాబట్టి ఇలాగే ఉంచా.

మొత్తం కాదు, ముక్కలు

ఆ శనివారం 112 ని విడదీస్తే అసలు కథ కనపడింది. మామూలుగా ఆ గంటలో యూపీఐ 125, క్యాష్ ఆన్ డెలివరీ 45, కార్డులూ మిగతావీ 21. ఆ రోజు యూపీఐ 28, క్యాష్ 63, కార్డులు 21. అంటే యూపీఐ కుదరని వాళ్ళలో కొందరు విసుక్కుంటూనే క్యాష్‌కి మారారు, మారి ప్రమాదాన్ని మొత్తం సంఖ్యలో కొంత కప్పేశారు. మొత్తం చూస్తే నలభై శాతం తగ్గింది, యూపీఐ ఒక్కటే చూస్తే మూడొంతులకి పైగా పోయింది.

కాబట్టి అదే `check` ని మొత్తానికి ఒకసారి, పేమెంట్ రకాలు మూడింటికి ఒక్కోసారి నడిపాం. ఇంకా విడగొట్టాలని ఉండింది, ఏరియా వారీగా, ఫోన్ రకం వారీగా, కానీ ముక్క చిన్నదయ్యే కొద్దీ గీత సున్నా దగ్గరికి పోతుంది, యావరేజ్ 9 దగ్గర సరిగ్గా సున్నా అవుతుంది (9 లోంచి మూడు మూడ్లు తొమ్మిది). అంతకంటే చిన్న ముక్కకి ఈ రూల్ పెట్టడం దండగ. ఉత్తి అలర్టులు తగ్గడానికి ఇంకో చిన్న మార్పు, గంట అయ్యేదాకా ఆగకుండా ప్రతి పావుగంటకీ గడిచిన అరవై నిమిషాలు చూడ్డం, పోల్చేది కూడా గత వారాల అవే అరవై నిమిషాలు, వరసగా రెండుసార్లు గీత దాటితేనే మెసేజ్.

రెండు నెలల తర్వాత ఒక మంగళవారం సాయంత్రం పరీక్ష వచ్చింది. కార్డు పేమెంట్లు ఆగిపోయాయి, అటువైపు గేట్‌వే సమస్య. కార్డుల యావరేజ్ ఆ టైమ్‌కి 21, గీత 7, వచ్చినవి 3. మొత్తం ఆర్డర్లు మాత్రం పదీ పదిహేనే తగ్గాయి, మొత్తానికి పెట్టిన రూల్ కదల్లేదు, కదలకూడదు కూడా. కార్డుల అలర్ట్ వచ్చింది, సమస్య మొదలైన గంటా పావుకి. కుర్రాడు వెంటనే యాప్‌లో కార్డు ఆప్షన్ తాత్కాలికంగా దాచేసి యూపీఐ పైకి తెచ్చాడు. ఆ రోజు కస్టమర్ కేర్‌కి కార్డు గురించి రెండే కాల్స్ వచ్చాయి.

మళ్ళీ ఇలాంటి పని వస్తే

కోడ్ రాయకముందే మూడు నకిలీ ప్రమాదాలు తయారు చేసుకుంటా: ఒక గంట పూర్తిగా సున్నా, ఒక గంట నలభై శాతం తక్కువ, ఒక్క పేమెంట్ రకం మాత్రమే సున్నా. ఈ మూడింటికీ మోగని రూల్‌ని లైవ్‌లో పెట్టను. లోయర్ లిమిట్ కూడా ఆర్డర్ల గ్రాఫ్ మీదే గీసి ఆఫీసులో స్క్రీన్ మీద ఉంచుతా. ఎనిమిది నెలల పాటు మైనస్ 85 దగ్గర గీత ఉందని ఒక్కరు చూసినా ఈ కేసే ఉండేది కాదు.

పండగలు మాత్రం ఇప్పటికీ ఈ రూల్‌కి లొంగవు. సంక్రాంతికి సగం సిటీ ఊళ్ళకి పోతుంది, భోగి నుంచి కనుమ దాకా ఆర్డర్లు పడిపోవడమే మామూలు, గత ఎనిమిది వారాలకి ఆ సంగతి తెలీదు. పొద్దున వచ్చిన ఆర్డర్లని బట్టి ఆ రోజు స్థాయి సర్దుదాం అని ఒకసారి చూశాం, కానీ పొద్దున్నే యాప్ పాడైతే ఆ పాడైన స్థాయే మామూలు అయిపోతుంది, వదిలేశాం. ఇప్పుడు ఆ రోజుల్లో కౌంట్ రూల్ ఆపి, పేమెంట్ నొక్కిన వాళ్ళలో ఎంతమందికి ఆర్డర్ పూర్తయింది అన్న శాతం మీద కాపలా ఉంచుతున్నాం, మనుషులు తక్కువున్నా ఆ శాతం పెద్దగా మారదు. పేమెంట్ దాకా రాకముందే యాప్ మూసుకుపోతే అది దొరకదు, ఆ మూడు రోజులు ఆపరేషన్స్ మేడమ్ గంటకోసారి తనే ఒక ఆర్డర్ పెట్టి చూసి క్యాన్సిల్ చేస్తుంది.

మెల్లగా తగ్గేవి కూడా దీనికి కనపడవు. వారానికి రెండు శాతం చొప్పున జారుతూ పోతే యావరేజ్ కూడా వెనకాలే జారుతుంది, గీత కూడా జారుతుంది, ఏ ఒక్క గంటా గీత దాటదు. దానికి వేరే షీట్ పెట్టాం, ప్రతి సోమవారం ఈ నాలుగు వారాల వారపు యావరేజ్‌ని అంతకు ముందు మూడు నెలల వారపు యావరేజ్ పక్కన పెట్టి మేడమ్, నేను కూర్చుని చూస్తాం.